పొట్ట తగ్గాలి, కండ మిగలాలి

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో అచ్చయింది. అందులో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన ఉంటారు. ఒకరు పుణేకి చెందిన చిత్తరంజన్ యాజ్నిక్ గారు, రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ గారు. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒక్కటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే లండన్ డాక్టరు గారి బరువులో అది 9 శాతం, పుణే డాక్టరు గారి బరువులో 21 శాతం. బీఎంఐలో తేడా లేదు, ఒంటి లోపల మాత్రం రెండింతలకు పైగా తేడా. కొవ్వు అంత ఎక్కువున్నా బీఎంఐ సమానంగా ఉందంటే, ఆ మేరకు కండ తక్కువున్నట్టే కదా.

మనవాళ్లలో చాలామంది సంగతి ఇదే. చేతులు, కాళ్లు సన్నగా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. అందుకే మన దేశంలో డాక్టర్లు బీఎంఐ 23 దాటగానే అధిక బరువు అంటారు, 25 దాటితే ఊబకాయం కింద లెక్కేస్తారు. నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదని చెబుతారు.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి ఒళ్లు తగ్గించుకోవాలనుకున్నప్పుడు చేసే మొదటి పని రాత్రి అన్నం మానేయడం. రెండోది పొద్దున్నే పరుగు మొదలుపెట్టడం. బరువు తగ్గుతుంది, అందులో సందేహం లేదు. కానీ కేవలం తిండి తగ్గించి నాలుగు కిలోలు దిగితే అందులో దాదాపు కిలో దాకా కొవ్వు కాకుండా కండ వగైరా పోయే అవకాశం ఉంది. మొదటే కండ తక్కువున్న శరీరానికి అది చిన్న నష్టం కాదు. ఆరు నెలల తర్వాత పాత తిండికి వచ్చేసరికి కొవ్వు తొందరగా తిరిగొస్తుంది, పోయిన కండ మాత్రం ఊరికే తిరిగి రాదు. బరువు పాతదే, పొట్ట అంతకుముందు కన్నా ఎక్కువ.

కాబట్టి ఈరోజు మనం మాట్లాడుకునే పద్ధతిలో త్రాసు కన్నా టేపుకు ఎక్కువ విలువ ఇస్తాం. ఇందులో మూడు పనులుంటాయి. బరువులతో చేసే వ్యాయామం కండను నిలబెడుతుంది. రోజూ నడక కేలరీలు ఖర్చు చేస్తుంది. కొద్దిగా చేసే కార్డియో, అంటే ఆయాసం తెప్పించే వ్యాయామం, గుండెకు, ఊపిరితిత్తులకు సత్తువ పెంచుతుంది. ఒకదాని పని ఇంకొకటి చేయదు. కొవ్వు తరిగే పనిలో పెద్ద వాటా మాత్రం తిండిదే.

మాట సులువుగా సాగడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంటెంటు. వయసు 40. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, నడుం 101 సెంటీమీటర్లు. పొద్దున తొమ్మిదిన్నరకు కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఏడు దాకా లేవడం తక్కువ. ఎప్పుడూ వ్యాయామం చేసిన అలవాటు లేదు. ఆయనకు పన్నెండు వారాల కార్యక్రమం వేద్దాం.

మొదట బరువుల సంగతి. జిమ్ దగ్గర్లో ఉంటే మంచిదే, లేకపోతే మొదటి రెండు నెలలూ ఇల్లు చాలు. మన అకౌంటెంటు గారు చేసేవి ఐదే ఐదు. ఒకటి, కుర్చీ అంచు మీద మెల్లగా కూర్చుని, చేతుల సాయం లేకుండా లేవడం. ఇది బస్కీలకు తొలిమెట్టు. రెండు, వంటింటి గట్టు మీద రెండు చేతులూ ఆనించి దండీలు తీయడం. నేల మీద దండీ తీయలేని మనిషి గట్టు మీద తీయగలడు. తేలికైన కొద్దీ దివాను, తర్వాత చిన్న పీట, ఆ తర్వాత నేల. మూడు, ఒక చేయి కుర్చీ మీద ఆనించి ముందుకు వంగి, రెండో చేత్తో బరువున్న సంచిని నడుం దగ్గరికి లాగడం. నాలుగు, బియ్యం సంచిని పట్టుకుని నడుం దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగి లేవడం. ఐదు, రెండు చేతుల్లో రెండు నీళ్ల క్యాన్లు పట్టుకుని భుజాలు వాల్చకుండా వరండాలో అటూ ఇటూ నడవడం.

ఈ నాలుగో దాని దగ్గర కాస్త ఆగుతాను. కుర్చీలో బతికే మనిషికి అన్నిటికన్నా అక్కరకొచ్చేదీ ఇదే, తప్పుగా చేస్తే నడుం పట్టేసేదీ ఇదే. ఇప్పుడు వింటూనే చేసి చూడొచ్చు. గోడకు వీపు పెట్టి, గోడకు ఒక పాదం పొడవు దూరం జరిగి నిలబడండి. కాళ్ల మధ్య తుంటి వెడల్పు ఎడం ఉండాలి. మోకాళ్లు కొద్దిగా సడలించండి, బాగా వంచొద్దు. అరచేతులు తొడల మీద పెట్టుకోండి. ఇప్పుడు కిందికి వంగుతున్నామని అనుకోవద్దు. పిరుదుల్ని వెనక్కి తోసి గోడకు తాకించాలి, అంతే. అలా తోస్తుంటే ఛాతీ దానంతటదే ముందుకు వాలుతుంది, చేతులు తొడల మీదుగా జారి మోకాళ్ల దాకా వస్తాయి. అక్కడ ఆగి, మీకు ఎక్కడ లాగుతోందో గమనించండి. తొడల వెనక భాగంలో లాగితే సరిగ్గా చేశారన్నమాట. నడుములో లాగితే వెన్ను గుండ్రంగా వంగిందన్నమాట.

అది తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న బూజుకర్ర చాలు. కర్రను వీపు మీద నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజాల నడుమ, పిరుదుల పైన ఉండే ఎముక మీద, మూడు చోట్లా కర్ర ఆనాలి. వంగేటప్పుడు మూడింటిలో ఏ చోట కర్ర ఎడమైనా అక్కడితో ఆగి వెనక్కి రావాలి. మన అకౌంటెంటు గారికి మొదట్లో సగం కూడా వంగక ముందే కర్ర పిరుదుల దగ్గర లేచిపోతుంది. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చున్న మనిషి తుంటి కదపడం మానేసి, ఏం చేసినా నడుంతోనే వంగడానికి అలవాటు పడిపోతాడు. మొదటి వారం ఆయన చేతిలో ఏ బరువూ ఉండకూడదు, గోడా కర్రా చాలు. రెండో వారం ఐదు కిలోల బియ్యం సంచి. పన్నెండో వారానికి ఇరవై కిలోలు మోయడం ఆరోగ్యంగా ఉన్న మనిషికి పెద్ద మాట కాదు.

ఎంత చేయాలి? మొదటి రెండు వారాలూ వారానికి రెండు రోజులు. తర్వాత సోమ, బుధ, శనివారాలు. ఒక్కో వ్యాయామం ఎనిమిది నుంచి పన్నెండు సార్లు చేస్తే ఒక సెట్టు. క్యాన్లతో నడక మాత్రం అర నిమిషం నడిస్తే ఒక సెట్టు. మొదట రెండు సెట్లు, తర్వాత మూడు. సెట్టుకూ సెట్టుకూ మధ్య నిమిషంన్నర, రెండు నిమిషాలు విశ్రాంతి. అంతా కలిపి నలభై నిమిషాలు దాటదు.

ఇక్కడ చాలామంది తెలియకుండా తప్పుదారి పడతారు. మూడు నెలలు అదే ఐదు కిలోల సంచిని అదే పన్నెండు సార్లు ఎత్తుతారు. కండకు కష్టం పెరగకపోతే అది ఎదగడానికి కారణం ఉండదు. ప్రతి సెట్టునూ ఇంకో రెండుసార్లు మాత్రమే సరిగ్గా చేయగలను అనిపించే చోట ఆపాలి. ఆ చోటు ఎలా తెలుస్తుందంటే, మీరు తగ్గించకుండానే వేగం తగ్గిపోతుంది, కానీ చేసే తీరు చెడదు. తీరు చెడితే దాటిపోయినట్టు. చివరిదాకా ఒకే వేగంతో, కబుర్లు చెబుతూ చేస్తుంటే బరువు చాలట్లేదన్నట్టు.

అకౌంటెంటు గారి నోటు పుస్తకంలో సంచి లాగే వ్యాయామం లెక్క చూద్దాం. మొదటి వారం ఐదు కిలోలు, ఎనిమిదిసార్లు చొప్పున రెండు సెట్లు. మూడో వారానికి మూడు సెట్లలోనూ పన్నెండు సార్లు వచ్చాయి. వెంటనే అదే సంచిలో రెండు లీటర్ల నీళ్ల సీసా పెట్టారు, ఏడు కిలోలు అయింది. చేయగలిగింది తొమ్మిది, ఎనిమిది, ఎనిమిదికి పడిపోయింది. అలా పడిపోవాలి కూడా. మళ్లీ పన్నెండుకు చేరాక ఇంకో సీసా. పద్దు రాయడం ఆయనకు వచ్చిన పనే కాబట్టి ఇందులో ఆయనకు కష్టం లేదు. రాయని వాళ్లకు మాత్రం పోయిన వారం ఎంత ఎత్తారో గుర్తుండదు, ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది.

మొదటి రోజు చేసిన మర్నాడు కాదు, ఆ మరుసటి రోజు తొడలు బాగా పీకుతాయి. మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది, అది మామూలే. కీలు లోపల సూదితో పొడిచినట్టుండే నొప్పి, నడుం నుంచి కాలిలోకి పాకే నొప్పి మాత్రం మామూలు కాదు. అలాంటప్పుడు ఆ వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించాలి.

కండ పెరిగితే కూర్చున్న చోటే కొవ్వు కరిగిపోతుందనే మాట మీరు వినే ఉంటారు. దాన్ని నేను ఒప్పుకోను. ఒక కిలో కండ ఊరికే ఉన్నప్పుడు రోజుకు ఖర్చు చేసేది ఓ 13 కేలరీలు. ఒక చెంచా పంచదారలో ఉన్నంత కూడా కాదు. బరువుల వ్యాయామం అందుకోసం కాదు. తిండి తగ్గించిన రోజుల్లో శరీరం కండను కరిగించుకోకుండా ఆపడానికి, తర్వాత యాభై, అరవై ఏళ్ల వయసులో నేల మీద నుంచి ఎవరి సాయం లేకుండా లేవడానికి. పొట్ట వ్యాయామాలు చేస్తే పొట్ట దగ్గర కొవ్వే కరుగుతుందన్న మాటలోనూ నిజం లేదు. కొవ్వు ఎక్కడి నుంచి ముందు తీయాలో శరీరం తేల్చుకుంటుంది.

ఇక నడక. 1999లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవిన్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. పదహారు మందికి ఎనిమిది వారాల పాటు రోజూ అవసరానికి మించి వెయ్యి కేలరీల తిండి పెట్టారు. అందరూ తిన్నది సమానమే. కానీ ఒకరికి పెరిగిన కొవ్వు అర కిలో కూడా లేదు, ఇంకొకరికి నాలుగు కిలోలు దాటింది. ఈ తేడాకు ముఖ్య కారణం వ్యాయామం కాదు, అది అందరికీ కట్టడి చేసే ఉంచారు. లేవడం, తిరగడం, నిలబడడం, కుదురుగా కూర్చోలేక కదలడం, ఇలాంటి చిల్లర కదలికలు ఎవరిలో ఎక్కువ పెరిగాయో వారికి కొవ్వు తక్కువ చేరింది.

కుర్చీ ఉద్యోగం ఈ చిల్లర కదలికలన్నిటినీ మింగేస్తుంది. పొద్దున గంటసేపు జిమ్‌కు వెళ్లొచ్చి, అలిసిపోయానని మిగతా రోజంతా కూర్చుండిపోతే లెక్క దాదాపు మొదటికే వస్తుంది. అడుగుల లెక్క ఉపయోగపడేది ఇక్కడే. జేబులో ఉన్న ఫోను చాలు, టేబుల్ మీద వదిలేయకుండా ఉంటే.

మొదటి వారం ఏమీ మార్చకుండా ఊరికే లెక్క చూసుకోవాలి. మన అకౌంటెంటు గారికి రోజుకు సగటున 3,200 అడుగులు వచ్చాయనుకుందాం. ఆ తర్వాతి రెండు వారాలు 5,000, ఇంకో రెండు మూడు వారాలు 6,500, ఆ తర్వాత 8,000. పదివేలు కాకపోతే లాభం లేదేమో అని దిగులు పడక్కర్లేదు. ఆ అంకె పరిశోధనల్లో తేలినది కాదు, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరుతో వాడుకలోకి వచ్చింది. మొదటి రోజే మూడు వేల నుంచి పదివేలకు ఎగబాకితే మడమ కింద నొప్పి, పిక్కల నొప్పి మొదలై రెండో వారానికి నడకే ఆగిపోతుంది.

ఈ అడుగులు ఎక్కడ దొరుకుతాయి? ఒకేసారి గంట నడవక్కర్లేదు. టిఫిన్ తర్వాత, మధ్యాహ్నం భోజనం తర్వాత, రాత్రి భోజనం తర్వాత పది పన్నెండు నిమిషాల చొప్పున నడిస్తే మూడువేల అడుగులు దాటతాయి. భోజనం తర్వాత నడవడంలో ఇంకో లాభం ఉంది. కదులుతున్న కండ రక్తంలోని చక్కెరను తనంతట తాను లాక్కుంటుంది, దాంతో అన్నం తిన్నాక చక్కెర ఎగసే ఎత్తు తగ్గుతుంది. బెజవాడ ఎండల్లో మధ్యాహ్నం రోడ్డు మీద నడవమని నేను చెప్పను. ఆఫీసు వరండా, మెట్ల దగ్గరి ఖాళీ జాగా చాలు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికి ముందు, రాత్రి డాబా మీద. క్లయింటు ఫోను చేసినప్పుడల్లా లేచి నడుస్తూ మాట్లాడితే, అకౌంటెంటు ఉద్యోగంలో అదే వెయ్యి అడుగులు ఇస్తుంది.

మూడు వేల నుంచి ఎనిమిది వేలకు వచ్చేసరికి ఆయన రోజూ మూడు కిలోమీటర్లకు పైగా అదనంగా నడుస్తారు. ఆ బరువుకు అది ఓ 140 కేలరీల ఖర్చు. ఒక్క రోజుకు అది ఏమంత కాదు. కానీ ఆకలి పెంచదు, మోకాళ్లను బాధించదు, మర్నాడు సంచి ఎత్తడానికి అడ్డు రాదు, ఆదివారం కూడా ఆపక్కర్లేదు.

కార్డియో నాలుగో వారం దాకా అక్కర్లేదు. నాలుగో వారం నుంచి మంగళ, శుక్రవారాల్లో ఇరవై నిమిషాలు. సైకిలు అయినా సరే, గట్టి నడక అయినా సరే. అపార్టుమెంటు మెట్లు ఎక్కడం కూడా మంచిదే, కానీ దిగేటప్పుడు లిఫ్టులో దిగండి, మోకాళ్లకు కష్టం దిగేటప్పుడే ఎక్కువ. ఎంత జోరుగా చేయాలో తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. పక్కనున్న మనిషితో ఒక వాక్యం పూర్తిగా చెప్పగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాట మధ్యలో తెగిపోతుంటే ఎక్కువైనట్టు. పాట కూడా హాయిగా వస్తుంటే తక్కువైనట్టు.

ఇందులో పరుగు చేర్చలేదు, ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగులో ఒక కాలి మీద ఒంటి బరువుకు రెండు మూడింతల తాకిడి పడుతుంది. 84 కిలోల మనిషి అంటే అడుగడుగునా 170 కిలోల పైమాటే. ఊపిరి, గుండె కొన్ని వారాల్లో దారిలో పడతాయి, కానీ ఎముకలను కండలకు కట్టి ఉంచే నరాల్లాంటి కట్లు గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని పరుగు పెంచేవాళ్లకు పిక్కలోనో, మోకాలి చిప్ప కిందో దెబ్బ తగిలేది అందుకే. బరువు తగ్గి, కాళ్లలో సత్తువ వచ్చాక పరుగు మీద మనసుంటే అప్పుడు మొదలుపెట్టొచ్చు.

ఇంకో హద్దు కూడా పెట్టుకోవాలి. కార్డియో చేసిన రోజున అడుగుల లెక్క పడిపోకూడదు. బస్కీల్లో, సంచి లాగడంలో అంకెలు వరసగా రెండు వారాలు తగ్గితే అలసట ఎక్కువైందన్నమాట. అప్పుడు తగ్గించాల్సింది కార్డియోను, బరువుల్ని కాదు. మామూలుగా జనం దీనికి తలకిందులుగా చేస్తారు.

తిండి మాట. ఇలాంటి మనిషికి రోజుకు ఓ 2,200 కేలరీలు ఖర్చవుతాయి. ఇంట్లో వండేదే తింటూ, అందులో మార్పు చేద్దాం. పూటకు 120 గ్రాముల బియ్యం అన్నం తినే ఆయన 80 గ్రాములకు వస్తే రెండు పూటలకూ కలిపి 280 కేలరీలు తగ్గుతాయి. అన్నం కంచంలో చూసి అంచనా వేయడం కుదరదు, కనీసం ఒక వారం బియ్యాన్ని తూచి విడిగా వండి చూస్తే ఆ తర్వాత గిన్నె గుర్తు చాలు. ముగ్గురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె వాడుతుంటే మూడుకు తేవాలి, మనిషికి రోజుకు ఓ 90 కేలరీలు పోతాయి. చెప్పకుండా దూరేది నూనే కాబట్టి, డబ్బా మీద తెరిచిన తారీకు రాసి పెట్టమంటాను. నాలుగు టీలు రెండు కావాలి. సాయంత్రం మిక్చరు ఆగిపోవాలి.

తగ్గించిన చోట ఖాళీ ఉంచకూడదు. కండ నిలబడాలంటే ప్రొటీన్ కావాలి, మన భోజనంలో అదే తక్కువ. అకౌంటెంటు గారికి రోజుకు 80 గ్రాముల దగ్గర ఉండాలని పెట్టుకుందాం. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం ముద్దపప్పు ఇంకో గరిటె, మిక్చరు బదులు గుప్పెడు వేయించిన శనగలు, రాత్రి పెరుగు కొంచెం ఎక్కువ, వారంలో రెండు మూడు రోజులు చికెనో చేపో. గుడ్డు తినని ఇంట్లో పెసరట్టు, మీల్ మేకర్ కూర, పనీరు ఆ పని చేస్తాయి. తగ్గించినదాంట్లోంచి చేర్చినది తీసేస్తే తిండిలో మూడు వందల కేలరీల లోపే లోటు మిగులుతుంది. నడక 140 కలిస్తే నాలుగు వందల పైచిలుకు. వారానికి కిలోలో మూడో వంతు కొవ్వు పైన. పెళ్లి భోజనాలు, పండగలు, నడక మెల్లగా పెంచిన వారాలు, బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గడం, ఇవన్నీ పోను పన్నెండు వారాలకు నాలుగు కిలోలు అనుకోవాలి.

పన్నెండు వారాలకు నాలుగేనా అంటారేమో. త్రాసు కథ అంతే, అదీ తిన్నగా నడవదు. మొదటి వారంలో ఒక్కోసారి కిలో పైన దిగుతుంది. అన్నం, ఉప్పు తగ్గినందుకు పోయిన నీరు అది, ఎక్కువ సంబరపడొద్దు. మూడో వారంలో బరువు కదలకపోవచ్చు, అర కిలో పెరగొచ్చు కూడా. కొత్తగా కష్టపడిన కండలు నీటిని పట్టి ఉంచుతాయి. ఇలాంటప్పుడే కార్యక్రమం వదిలేయాలనిపిస్తుంది, లోపల కొవ్వు తరుగుతూనే ఉన్నా. అందుకని రోజూ పొద్దున లేచి మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక బరువు చూసుకుని, ఏడు రోజుల సగటును పోయిన వారం సగటుతో పోల్చాలి. ఆడవాళ్లకు నెలసరి ముందు నీరు చేరి బరువు పెరుగుతుంది కాబట్టి, పోయిన వారంతో కాకుండా పోయిన నెల అవే రోజులతో పోల్చుకోవాలి.

టేపు వారానికోసారి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా. మన అకౌంటెంటు గారి బరువు పన్నెండో వారానికి 80 దగ్గరికి వస్తే నడుం 95, 96కు వస్తుంది. కుర్చీలోంచి ఖాళీ చేతులతో లేవడానికి ఇబ్బంది పడ్డ మనిషి వీపున పది కిలోల సంచి తగిలించుకుని బస్కీలు తీస్తారు. బరువు నాలుగే తగ్గినా ఆ నాలుగూ దాదాపు కొవ్వే.

సగటు బరువు, నడుం చుట్టుకొలత రెండూ మూడు వారాల పాటు కదలకపోతే అప్పుడు నిజంగా ఆగినట్టు. అప్పుడు వ్యాయామం పెంచే ముందు బియ్యం మళ్లీ తూచాలి, నూనె డబ్బా మీది తారీకు చూడాలి. దాదాపు ఎప్పుడూ జవాబు అక్కడే దొరుకుతుంది.

మొదలుపెట్టే ముందు డాక్టరును కలవాల్సినవాళ్లు కొందరున్నారు. నడిచేటప్పుడు ఛాతీలో బిగపట్టినట్టు ఉండేవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ కానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు కానీ వాడేవాళ్లకు తిండి తగ్గి, నడక పెరిగితే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. మందు మోతాదు మార్చాలో లేదో డాక్టరునే చెప్పనివ్వాలి. బీపీ ఉన్నవాళ్లు బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, ఎత్తుతూ ఊపిరి వదలాలి.

పన్నెండు వారాలయ్యాక ఏం చేయాలి? నడుం 90కి రాలేదు కాబట్టి పని మిగిలే ఉంది. అయినా రెండు మూడు వారాలు తగ్గించడం ఆపమంటాను. పూటకు ఒక గరిటె అన్నం తిరిగి చేర్చి, అడుగులూ బరువులూ అలాగే ఉంచి, బరువును ఉన్న చోట నిలబెట్టడం నేర్చుకోవాలి. తర్వాత మళ్లీ పన్నెండు వారాలు. మధ్యలో సెప్టెంబరు వస్తుంది, ఆడిట్ రిపోర్టుల గడువు తరుముతుంది, మన అకౌంటెంటు గారు ఆఫీసులోనే రాత్రి పది దాకా ఉంటారు. ఆ కొన్ని వారాలు కార్డియో పూర్తిగా మానేయొచ్చు, అడుగులు ఆరు వేలకు దిగినా ఫరవాలేదు. బరువుల వ్యాయామం మాత్రం ఆదివారం ఒక్కరోజు చేయాలి, అదే ఐదు వ్యాయామాలు, చివరిసారి ఎంత బరువు ఎత్తారో అంతే బరువుతో. బరువు తగ్గించకుండా ఉంటే వారానికి ఒక్కరోజుతో కూడా ఆ కొన్ని వారాలూ కండ నిలుస్తుంది. అక్టోబరులో పని తేలికపడ్డాక నోటు పుస్తకంలో ఆపిన పేజీ నుంచే మొదలుపెట్టొచ్చు.